నోటీసును నోటిమాట చేద్దాం

(జైనూర్‌లో కార్యకర్తల, తల్లిదండ్రుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



బడి గోడకు నోటీసు అంటిస్తారు. అందులో మాటలు సాధారణంగా ఇట్లా ఉంటాయి: "ప్రీమెట్రిక్ ఉపకార వేతనముల మంజూరు నిమిత్తము 9, 10 తరగతులు చదువుచున్న అర్హులైన షెడ్యూల్డు కులముల విద్యార్థినీ విద్యార్థులు తమ కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రములు, ఆధార్ అనుసంధానిత బ్యాంకు ఖాతా వివరములతో నిర్ణీత గడువులోగా సంబంధిత ప్రధానోపాధ్యాయులను సంప్రదించవలెను."

ఒక్కటే వాక్యం. చదువు వచ్చినవాడే మధ్యలో ఊపిరి పీల్చుకోవాలి. కూలి నుంచి వచ్చిన తల్లికి ఇది ఎవరు చదివి చెప్పాలి? పదో తరగతి పిల్లగాడు చదివి "ఏదో స్కాలర్‌షిప్పట" అంటాడు. అంతే. గడువు పోతుంది. తర్వాత "మీవాళ్ళే శ్రద్ధ పెట్టరు" అనే మాట మనమీద పడుతుంది. కేంద్ర పథకానికి 2022లో రాసిన నియమాల ప్రకారం ఇంటి నుంచి బడికి పోయే ఎస్సీ పిల్లకు ఏడాదికి 3,500 రూపాయలు, హాస్టల్ పిల్లకు 7,000 రూపాయలు. ఆ పైసలు పోయింది శ్రద్ధ లేక కాదు. మాట చేరక పోయింది.

2011 జనాభా లెక్కల్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఏడేండ్లు దాటినవాళ్ళలో పదిమందికి ఆరుగురే చదవగలిగినవాళ్ళు. తక్కిన నలుగురిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇప్పుడు ఇంటింటికీ ఫోను వచ్చింది. నోటీసు చదవలేని తల్లి వాట్సాప్‌లో మాట వింటుంది, మాట పంపుతుంది. అందుకే మన వాడల్లో నోటీసును వాయిస్ మెసేజ్ చేసి పంపే పని పెట్టుకున్నాం. ఆ మాట ఎట్లా రాయాలో, మేము ఎక్కడెక్కడ తప్పామో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి. ఈ పని మనకు కొత్తది కాదు. ఊళ్ళో చాటింపు వేసింది ఎవరు? డప్పు పట్టుకొని ప్రతి మూలమలుపు దగ్గర ఆగి సర్కారు మాటను, దొర మాటను అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పింది మన తాతలే. కాయితం మీది మాటను నోటిమాటగా మార్చే విద్య వాళ్ళది. ముందు డప్పు కొట్టి జనం చెవి ఇటు తిప్పుకునేవాళ్ళు. ఎవరికి సంబంధించిన మాటో ముందే చెప్పేవాళ్ళు. పొట్టిగా చెప్పి, మళ్ళీ చెప్పి, ఇంకో మూలకు పోయి మళ్ళీ చెప్పేవాళ్ళు. అది వెట్టి. కూలి లేదు, గౌరవం లేదు. వెట్టిని మనం కాదన్నాం, సరే. ఆ విద్యను మాత్రం పారేసుకోవద్దు. చాటింపుకు ఒక్కటే లోపం: విన్నవాడు తిరిగి అడగడానికి లేదు. మన మెసేజ్‌లో ఆ లోపం ఉండొద్దు.

ఇంకో సంగతి మన జైనూర్ మండలంలోదే. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. పిల్లల మొదటి పుస్తకాలు గోండిలోనే తయారయ్యాయి. ఇంటి మాటలో మొదలుపెడితేనే చదువు లోపలికి పోతుందని ఎనభై ఏండ్ల కింద ఈ మట్టిలోనే చూపించారు. పిల్లకు ఏది న్యాయమో తల్లికీ అదే న్యాయం.

ఇక మా తప్పులు. మొదటిసారి ఆ నోటీసునే కొంచెం తేలిక చేసి చదివి పంపాం. రెండు నిమిషాలు వచ్చింది. అందులో స్కాలర్‌షిప్, బ్యాంకు లింకు, కొత్త ఇన్‌కం సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి, అన్నీ ఉన్నాయి. ఒక తల్లి మూడుసార్లు విని "ఇప్పుడు నేను బడికి పోవాల్నా, మీసేవకు పోవాల్నా?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు. తప్పు ఆమె చెవిది కాదు, మా రాతది. కాయితం మీద అయితే వెనక్కి పోయి పైవరుస చూసుకోవచ్చు. వినే మాట వెనక్కి రాదు. అందుకని ఒక మెసేజ్‌కు ఒకటే పని. రెండో పనికి రెండో మెసేజ్, రెండు రోజుల తర్వాత.

రెండో తప్పు "రేపు" అనే మాట. "రేపు బడికి రండి" అని చెప్పి పంపాం. ఆ మాట ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోయి, సిగ్నల్ లేని గూడేనికి నాలుగు రోజులకు చేరింది. విన్నవాళ్ళకు ఆరోజే "రేపు". కలుపు కూలి వదులుకొని ముగ్గురు తల్లులు బడికి వచ్చారు. గడువు అప్పటికే పోయింది. అప్పటినుంచి మా మెసేజ్‌లో రేపు, ఎల్లుండి, ఈ వారం అనే మాటలు లేవు. తేదీ, వారం రెండూ చెప్తాం. తేదీ గుర్తుండనివాళ్ళకు వారం గుర్తుంటుంది. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు కూడా మాటలోనే ఉండాలి. మెసేజ్ చేతులు మారిందంటే మొదట పంపినవాళ్ళ నంబరు విన్నవాళ్ళకు కనబడదు.

ఇప్పుడు అదే నోటీసు. తేదీ ఉదాహరణకు పెట్టుకున్నది. మేము చివరికి రాసుకున్న మాట ఇది:

"దండాలమ్మా, దండాలే నాయినా. నేను ఫలానా ఊరి నుంచి ఫలానాను మాట్లాడుతున్న. ఈ మాట తొమ్మిది, పది చదివే మన ఎస్సీ పిల్లల తల్లిదండ్రుల కోసం. పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్ పైసలు ఉన్నయి. దానికి మీరు ఒక్క పని చెయ్యాలె. జూలై 20, సోమవారం లోపల బడికి పోయి హెడ్‌మాస్టర్ సారుకు నాలుగు జిరాక్సులు ఇయ్యాలె. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండ్రి. ఒకటి, క్యాస్ట్ సర్టిఫికెట్. రెండు, ఇన్‌కం సర్టిఫికెట్. మూడు, పిల్లల ఆధార్ కార్డు. నాలుగు, పిల్లల పేరు మీదున్న బ్యాంకు బుక్కు. అసలు కాయితాలు మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. ఏదన్న ఒకటి లేకున్నా ఆగకుండ్రి, ఉన్నవి పట్టుకొని పోయి సారుకు చెప్పుండ్రి. మళ్ళ చెప్తున్న: జూలై 20, సోమవారం లోపల, బడికి, నాలుగు జిరాక్సులు. తెల్వకుంటే నాకు ఫోన్ చెయ్యిండ్రి."

దీని తర్వాత నంబరు. రెండేసి అంకెలుగా, నిదానంగా, రెండుసార్లు.

నిదానంగా చెప్పినా నిమిషం చిల్లర. ఇందులో ఏ మాట ఎందుకు పెట్టామో చూడండి. "ధ్రువీకరణ పత్రం" అనలేదు. మీసేవలో మనం అడిగేది "క్యాస్ట్ సర్టిఫికెట్" అని. అచ్చ తెలుగు చేస్తామని "కుల నిర్ధారణ కాయితం" అంటే మళ్ళీ ఎవరికీ తెలియదు. తేలిక మాట అంటే నోట్లో ఉన్న మాట, అది ఇంగ్లీషుదైనా సరే. "అర్హులైన" అని కూడా అనలేదు. ఆ మాట వింటే మన తల్లి "నాకు కాదేమో" అని పక్కకు జరుగుతుంది. ఎవరికో తరగతితో సహా చెప్పాం. "లేకున్నా ఆగకుండ్రి" అన్న మాట అన్నిటికన్నా ముఖ్యం. ఒక కాయితం లేదని పోవడమే మానేసినవాళ్ళు మాకు ఎక్కువ కనిపించారు.

బ్యాంకు లింకు సంగతి రెండో మెసేజ్‌లో పెట్టాం. పిల్లకు రెండు ఖాతాలు ఉంటే, బడిలో ఇచ్చిన బుక్కు ఒకటి, ఆధార్ చివరగా లింకయింది ఇంకొకటి కావచ్చు. ఆధార్ మీద వచ్చే పైసలు చివరగా లింకైన ఖాతాలోనే పడతాయి. "పైసలు రాలే" అన్నవాళ్ళు ఆ రెండో ఖాతా చూసుకోవాలి. బ్యాంకుకు పోయి "ఆధార్ ఈ ఖాతాకే లింకు ఉన్నదా?" అని అడగాలి. ఆ మెసేజ్ చివర ఒక హెచ్చరిక కూడా: "ఫోన్ల వచ్చే ఓటీపీ నంబరు ఎవ్వలకు చెప్పకుండ్రి, నాకు సుత చెప్పకుండ్రి."

రాసిన మాట పంపేముందు పరీక్ష పెట్టాలి. మన కార్యకర్తల ముందు కాదు, వాళ్ళకు ముందే తెలుసు. చదువు రాని ముగ్గురు తల్లులకు ఒక్కొక్కరికి విడిగా, ఒక్కసారే వినిపించాలి. "అర్థమైందా?" అని అడగొద్దు. మర్యాదకు అందరూ "అయింది" అంటారు. "అక్కా, ఇప్పుడు నువ్వేం చేస్తవు? ఎప్పటిలోపల పోతవు? ఏమేం పట్టుకపోతవు?" అని అడగాలి. ఇద్దరు ఒకే దగ్గర తడబడితే ఆ వాక్యం మార్చాలి. మా దగ్గర ఇద్దరు అసలు కాయితాలే ఇచ్చేస్తామన్నారు. అందుకే "అసలు కాయితాలు మీ దగ్గర్నే" అన్న మాట తర్వాత చేర్చాం.

భాష సంగతి. ఈ ప్రాంతంలో మహార్, మాంగ్ ఇండ్లలో మరాఠీ నడుస్తుంది. పక్కనే గోండి, కొలామి, లంబాడి, ఉర్దూ. తెలుగు రాత చేతికిచ్చి అనువాదం చెయ్యమనొద్దు. మరాఠీ అక్కకు తెలుగు మాట వినిపించి, "ఇదే నీ చెల్లెకు ఎట్లా చెప్తవో చెప్పు" అని రికార్డు చెయ్యాలి. తేదీ, కాయితాల లెక్క, నంబరు సరిగ్గా వచ్చాయో అప్పుడే చూసుకోవాలి. అప్పటి మెదక్ జిల్లా మాచునూరులో 2008లో మొదలైన సంగం రేడియోను నడిపింది దళిత ఆడవాళ్ళే. అక్కడ రేడియో భాష అంటూ వేరే లేదు, వాడభాషే రేడియో భాష. మనకూ అంతే. యాస దిద్దొద్దు.

గౌరవం సంగతి కూడా. "ఎన్నిసార్లు చెప్పినా వినరు" అనే గొంతు వద్దు. ఊరందరి గ్రూపులో ఏ పిల్ల పేరూ, ఎవరి కాయితం తక్కువైందనీ చెప్పొద్దు. అది ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట.

ఫోను చేరని చోటు ఉందని కూడా మరవొద్దు. ఇంట్లో ఫోను ఒకటే, అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. బటన్ ఫోనుకు వాట్సాప్ లేదు. అందుకని వాడకు ఒక మనిషిని పెట్టుకున్నాం. ఆమె దగ్గర తొమ్మిది, పది చదివే పిల్లల ఇండ్ల లెక్క ఉంటుంది. మాట పంపిన మూడోరోజు సాయంత్రం ఇంటింటికీ పోయి, తల్లి విన్నదా అని అడిగి, వినకపోతే తన ఫోనులో వినిపిస్తుంది. గడువు రోజున ఎంతమంది కాయితాలు ఇచ్చారో బడిలో అడిగి ఆ లెక్కతో సరిచూస్తుంది. ఇవ్వనివాళ్ళు ఉంటే తప్పు ఎక్కడుందో వాళ్ళనే అడుగుతాం. మాటలో ఉంటే మాట మారుస్తాం. కాయితం చేతికి రాక ఆగితే, అది మాట దిద్దితే తీరేది కాదు. ఆ లెక్క పట్టుకొని అందరం కలిసి ఆఫీసుకు పోవాలి.

ఈ కూటమి అయిపోయాక ప్రతి వాడ నుంచి వచ్చినవాళ్ళు మీ బడి గోడ మీది ఒక నోటీసు మాటలు ముందర పెట్టుకొని కూచోండి. రాసి, వినిపించి, దిద్దుకొని ఇంటికి పోదాం.

జై భీమ్.