పరిశోధన గ్రంథానికి సామ్య నివేదిక: చదివే తీరు

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపుల్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు పరిశోధన దాకా చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, థీసిస్ మాత్రం ఇంగ్లీషు. మూడేళ్లు పొలంలో, ప్రయోగశాలలో పడిన కష్టమంతా అక్షరాల్లో పెట్టి, సమర్పించే ముందు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇస్తారు. అక్కడ దాన్ని కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరుకు చూపిస్తారు. కాసేపటికి ఒక నివేదిక వస్తుంది. మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో 31 శాతం అని ఉంటుంది. ఇక ఆ పిల్లవాడికి అన్నం సహించదు. ఇంట్లో పెద్దలకు ఏమీ అర్థం కాదు, మావాడు దొంగతనంగా రాశాడా అని దిగులు పడతారు. ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది, దాని పేరు సామ్య నివేదిక. చౌర్య నివేదిక కాదు. సాఫ్ట్‌వేరు చేసే పని మీ వాక్యాలను మాటల వరుసలుగా విడదీసి, తన దగ్గరున్న పత్రికలు, థీసిస్‌లు, ఇంటర్నెట్ పుటలతో పోల్చడం. ఎక్కడ అదే వరుస కనిపిస్తే అక్కడ రంగు పూస్తుంది. మీరు ఉదహరించారా, దొంగిలించారా అన్నది దానికి తెలియదు. మన ఊళ్లో క్రయపత్రాలు చూడండి. ఏ రెండు పత్రాలు తీసుకున్నా ముప్పాతిక వంతు ఒకే భాష ఉంటుంది. అంతమాత్రాన ఒకరి పొలం ఇంకొకరు కాజేశారని ఎవరూ అనరు. సర్వే నంబరు, నాలుగు హద్దులు ఎవరివి అన్నదే చూస్తారు. ఇక్కడా అంతే.

ఒక ఉదాహరణ కల్పించుకుని లెక్క వేద్దాం. తుంగభద్ర ఆయకట్టులో నేరుగా విత్తిన వరి మీద ఒక విద్యార్థిని థీసిస్ రాసిందనుకుందాం. మొత్తం 20,000 మాటలు. నివేదిక 31 శాతం అంది. అంటే 6,200 మాటలకు రంగు పడింది.

ఆమె మొదట తిప్పవలసింది చివరి పుటలు. అక్కడ ఆధార గ్రంథాల పట్టిక ఉంది. ఆ పట్టికలో 2,800 మాటలకు రంగు ఉంది. ఉండక ఏం చేస్తుంది? గోమెజ్ అండ్ గోమెజ్ అనే ఇద్దరు రాసిన గణాంకాల పుస్తకం 1984 నాటిది. వ్యవసాయ పరిశోధన చేసేవారిలో దాన్ని ఉదహరించని వారు తక్కువ. రచయితల పేర్లు, సంవత్సరం, పుస్తకం పేరు అందరూ ఒకే విధంగా రాయాలి. మార్చి రాస్తే తప్పవుతుంది. అంటే పట్టికలో రంగు పడటం సరిగా రాశారనడానికి గుర్తు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నియమాలు కూడా ఆధార గ్రంథాల పట్టికను, విషయ సూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను పోలిక లెక్కలో చేర్చవద్దని చెబుతున్నాయి. సాఫ్ట్‌వేరులో పట్టికను మినహాయించే మీట ఉంటుంది. గ్రంథాలయంలో ఆ మీట నొక్కకుండానే నివేదిక తీసి ఉండవచ్చు, అడగండి. కొన్నిసార్లు మీట నొక్కినా తీసివేయదు. పట్టికకు పెట్టిన శీర్షికను సాఫ్ట్‌వేరు గుర్తుపట్టకపోవడమే దానికి కారణం. అప్పుడు ఆ పుటలు విడిగా తీసి మళ్లీ చూపించాలి. మొత్తం మాటల సంఖ్య అలాగే ఉంచి లెక్కవేస్తే, ఇప్పుడు మిగిలింది 3,400 మాటలు, అంటే 17 శాతం.

రెండోది, చిన్న చిన్న ముక్కలు. 'ఇన్ ది ప్రెజెంట్ స్టడీ', 'సిగ్నిఫికెంట్‌లీ హయ్యర్ గ్రెయిన్ యీల్డ్ వజ్ రికార్డెడ్' వంటివి. ఇవి ఎవరి సొత్తూ కావు. పై నియమాలే, యాదృచ్ఛికంగా కలిసే మాటలను వరుసగా 14 దాకా మినహాయించాలని చెబుతున్నాయి. సాఫ్ట్‌వేరులో ఈ సంఖ్యను మనమే పెట్టాలి. మన విద్యార్థిని థీసిస్‌లో ఇటువంటివి 1,000 మాటలున్నాయి. అవి పోగా 2,400 మాటలు, 12 శాతం.

మూడోది, ఆమె సొంత వ్యాసం. థీసిస్‌లో ఒక భాగాన్ని ఏడాది క్రితమే పత్రికలో ప్రచురించింది. అది 1,100 మాటల మేర కలిసింది. దీన్ని దాచకూడదు. ఈ అధ్యాయంలోని భాగం ఫలానా పత్రికలో ప్రచురితమైంది అని థీసిస్‌లోనే రాసి, ఆ వ్యాసం ప్రతిని గైడుకు చూపించి, ఆ ఒక్క ఆధారాన్ని మినహాయించమని కోరాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం విశ్వవిద్యాలయం నియమాన్ని బట్టి ఉంటుంది. ఒప్పుకుంటే మిగిలేది 1,300 మాటలు, 6.5 శాతం.

2018 నియమాల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వమంటారు. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతిని కూడా తీసుకోరు. 60 దాటితే పరిశోధన నమోదే రద్దు. కొన్ని సంస్థల నియమాలు వేరుగా ఉండవచ్చు, మీ శాఖలో కనుక్కోండి. మొత్తానికి మన విద్యార్థిని 6.5 దగ్గర నిలిచింది. హమ్మయ్య అనుకుంటారు చాలామంది, నివేదిక మూసేస్తారు. నా దృష్టిలో అసలు చదవవలసింది ఇక్కడి నుంచే.

మిగిలిన 1,300 మాటల్లో 900 మాటలు ప్రయోగ విధానం అనే అధ్యాయంలో ఉన్నాయి. రాయచూరు పరిశోధన క్షేత్రంలో పని చేసిన వారంతా ఆ క్షేత్రం 16 డిగ్రీల 15 నిమిషాల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల 20 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద, సముద్ర మట్టానికి 389 మీటర్ల ఎత్తున, కర్ణాటక ఈశాన్య మెట్ట మండలంలో ఉందని రాస్తారు. క్షేత్రం అక్కడే ఉంటే వేరే ఏమని రాస్తారు? మట్టిలో సేంద్రియ కర్బనం కొలిచే వాక్లీ, బ్లాక్ పద్ధతి కూడా అంతే. ఇటువంటి వాక్యాలను మాటలు తారుమారు చేసి తిప్పి రాయడం దండుగ. పద్ధతి ఎవరిదో పేరు చెప్పి, వివరాలు కుదించి రాస్తే చాలు.

కానీ ఒక జాగ్రత్త. ఈ అధ్యాయాన్ని సీనియర్ థీసిస్ నుంచి గంపగుత్తగా దించుకుంటే, దానితో పాటు అతని సంవత్సరపు వర్షపాతం, అతని విత్తిన తేదీ, అతని మడి కొలతలు కూడా వచ్చేస్తాయి. అప్పుడు మీరు చెయ్యని పనిని చేశానని చెప్పినట్టవుతుంది. కాబట్టి రంగు పడిన ప్రతి వాక్యంలోనూ అంకెలు మీ నోటుపుస్తకంలోవేనా అని సరిచూసుకోండి. అంకె తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టదు. పరీక్షకుడు పడతాడు.

ఇంకో 260 మాటలు అక్కడక్కడ చెదురుగా ఉన్నాయి. రసాయనాల పేర్లు, ప్రభుత్వ పథకాల పేర్లు, పట్టికల శీర్షికలు. వాటిని వదిలేయవచ్చు.

చివరికి మిగిలింది 140 మాటలు. పూర్వ పరిశోధనల సమీక్షలో ఒకే పేరా. మొత్తం థీసిస్‌లో 0.7 శాతం. అంకె చూస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ పేరా మొత్తానికీ ఒకే రంగు ఉంది, ఆధారం ఒక్కటే, అది మరొకరి థీసిస్. పేరాలో నలుగురు శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు పద్ధతిగానే ఉన్నాయి. మరి తప్పేమిటి? ఆ నలుగురి వ్యాసాలూ ఈమె చదవలేదు. చదివినవాడు ఇంకొకడు. అతను రాసిన సారాంశాన్ని, అతను పేర్చిన క్రమంలోనే ఈమె ఎత్తి రాసుకుంది. నలుగురి పేర్లూ చెప్పింది గానీ, ఎవరి వాక్యాలు వాడిందో అతని పేరు మాత్రం చెప్పలేదు. ఇది గుర్తుపట్టడానికి తేలిక మార్గం ఉంది. రెండు చోట్లా పేర్ల వరుస ఒకటేనా చూడండి. అక్కడ ఒక పేరులో అక్షర దోషం ఉంటే ఇక్కడా అదే దోషం ఉందా చూడండి. ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

దీనికి మందు మాటకు బదులు మాట పెట్టడం కాదు. 'ఇంక్రీజ్డ్' అన్న చోట 'ఎన్‌హాన్స్‌డ్' అని మార్చితే రంగు పోతుంది, ఎరువు మాత్రం ఎరువుగానే ఉంటుంది. ఆ నాలుగు వ్యాసాలూ తెచ్చుకుని చదవాలి. చదివాక వాటిని మూసి పక్కన పెట్టి, నా ప్రయోగానికి ఇందులో పనికివచ్చేది ఏమిటి అని తన మాటల్లో రాయాలి. నాలుగింటిలో రెండు తన ప్రయోగానికి సంబంధించినవే కావని అప్పుడు తేలవచ్చు. దొరకని వ్యాసం ఉంటే, ఫలానా థీసిస్‌లో ఉదహరించినట్టు అని నిజం చెప్పి రాయవచ్చు. ఇదంతా రెండు రోజుల పని.

ఇలాగే, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, పరిశోధన సారాంశం, ఫలితాలు, ముగింపు అధ్యాయాల్లో వాక్యాలకు వాక్యాలే రంగు పడితే తేలిగ్గా తీసుకోవద్దు. అవి మీ సర్వే నంబరు, మీ హద్దులు. నియమాలు కూడా ఆ భాగాల్లో పోలిక ఉండరాదనే అంటున్నాయి.

నివేదికలో ఆధారాల వరుస కూడా చూడటం నేర్చుకోవాలి. అరవై ఆధారాలు, ఒక్కొక్కటీ ఒక శాతం లోపు అయితే అది చాలావరకు వాడుక భాష. ఒకే ఆధారం 8 శాతం, 10 శాతం అయితే ఆ ఒక్కదాన్ని తెరిచి తీరాలి. ఒక్కోసారి 90 శాతం పైన వచ్చి గుండె ఆగినంత పనవుతుంది. తెరిచి చూస్తే ఆధారం మీ థీసిసే అయి ఉంటుంది. ముందుగా ఎక్కడో పరీక్షించుకున్నప్పుడు ఆ ప్రతి నిల్వలో చేరిపోయింది. అందుకే చిత్తుప్రతి చూపించేటప్పుడే నిల్వ చేయవద్దని చెప్పండి. చేరిపోయి ఉంటే ఆ ఆధారాన్ని మినహాయించమని గ్రంథాలయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

తెలుగులోనో కన్నడంలోనో థీసిస్ రాసేవారికి ఒక మాట. యూనికోడ్ కాని పాత ఖతుల్లో, అంటే పాత అను, నుడి పద్ధతుల్లో టైపు చేయిస్తే తెరమీద మనకు అక్షరాలు కనబడతాయి గానీ, సాఫ్ట్‌వేరుకు అర్థం లేని గుర్తులే అందుతాయి. అప్పుడు సున్నా శాతం వచ్చినా అది సచ్ఛీలతకు యోగ్యతాపత్రం కాదు. యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ చూపించాలి.

గైడు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒట్టి అంకె పట్టుకుని వెళ్లకండి. ఒక కాగితం మీద రాయండి: మొత్తం ఎంత వచ్చింది, ఏయే మినహాయింపులు పెట్టారు, ఎన్ని మాటల ముక్కలు వదిలారు, మిగిలినవి ఏ అధ్యాయంలో ఉన్నాయి, వాటిలో మీరు మళ్లీ రాసినవి ఏవి. నివేదిక తీసిన తేదీ వేసి, మొదటి ప్రతినీ రెండో ప్రతినీ కలిపి కుట్టండి. చౌర్యం అవునో కాదో తేల్చవలసింది శాఖలోని కమిటీ. వారి ముందు మాట్లాడేది ఆ కాగితమే.