వారంటీ కార్డులో "ఒక సంవత్సరం" అంటే నిజంగా ఎంత?

ఈరోజు మనం ఒక వారంటీ కార్డు చదువుదాం. ఇబ్రహీంపట్నం నుంచి ఒక అన్న ఫోటో తీసి పంపించారు. అమెరికాలో ఉండే వాళ్ల బావ కొనుక్కొచ్చి ఇచ్చిన సౌండ్‌బార్ అది. ఏడు నెలలు బాగా పనిచేసింది, ఇప్పుడు ఆన్ కావట్లేదు. "ఒక సంవత్సరం అని రాసుంది కదా, ఇంకా ఐదు నెలలు ఉన్నట్టేనా?" అని అడిగారు.

ఆయన పంపింది కార్డు ముందు వైపు మాత్రమే. అక్కడ పెద్ద అక్షరాల్లో "లిమిటెడ్ వారంటీ" అని ఉంది. ఆ లిమిట్ ఏంటో వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో వెనక వైపు కూడా తీయమన్నాను. నున్నటి కాగితం మీద ఫ్లాష్ పడితే సరిగ్గా ఆ చిన్న అక్షరాలే తెల్లగా పోతాయి.

మొదటి లైన్: "పార్ట్స్ ఒక సంవత్సరం, లేబర్ 90 రోజులు." ఇక్కడ లేబర్ అంటే కూలీలు కాదు, రిపేర్ చేసినందుకు తీసుకునే చార్జీ. అంటే ఏడో నెలలో విడిభాగం ఫ్రీ, బిగించిన ఖర్చు మాత్రం మనదే.

రెండో లైన్: "ఒరిజినల్ పర్చేజర్‌కి, యునైటెడ్ స్టేట్స్‌లో మాత్రమే." ఒరిజినల్ పర్చేజర్ అంటే బిల్లు మీద పేరున్న మనిషి. ఇక్కడ ఆయన బావగారు, మన అన్న కాదు. ఈ ఒక్క లైన్‌తో హైదరాబాద్ సర్వీస్ సెంటర్ వాళ్లు "మాకు సంబంధం లేదు" అనొచ్చు.

మూడోది, వర్తించనివి: "తప్పు వోల్టేజ్, అనుమతి లేని రిపేర్‌తో సహా, ఇవి మాత్రమే కాకుండా." ఆ చివరి ముక్క వదిలేయకండి. లిస్టులో లేని కారణం కూడా వాళ్లు చూపించొచ్చని దాని అర్థం. ఇక వోల్టేజ్. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ మీద `INPUT: 100-240V` అని ఉంటే పర్లేదు. ఒట్టి `120V` అని ఉండి, దాన్ని కన్వర్టర్ లేకుండా నేరుగా మన ప్లగ్‌లో పెట్టి ఉంటే, క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది.

అన్నకి నేను చెప్పింది ఇది: ముందు అడాప్టర్ లేబుల్ చూడండి. అది సరిగ్గా ఉంటే, ఐదు నెలల్లోపు బావగారు వచ్చి వెళ్లేటప్పుడు సెట్టు, బిల్లు ఆయనకే ఇచ్చి పంపండి. అప్పటిదాకా లోకల్ షాపులో విప్పించొద్దు. విప్పితే అదే "అనుమతి లేని రిపేర్" అవుతుంది. బావగారు ఇప్పట్లో రారు అంటే, వారంటీ మీద ఆశ వదిలేసి నమ్మకమైన మెకానిక్‌కి ఇవ్వడమే మంచిది.

ఇంపోర్టెడ్ వస్తువు ఇక్కడి షాపులోనే కొంటే మాత్రం లెక్క వేరు. డబ్బా మీద ఇంపోర్టర్ పేరు, అడ్రస్ ఉండాలి, మన రూల్ అది. అది ఉంటే ఎవరిని అడగాలో తెలుస్తుంది. షాపు వాళ్లు బిల్లు ఇచ్చి కూడా పట్టించుకోకపోతే 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

మీ కార్డు పంపేటప్పుడు రెండు వైపులా తీయండి. సీరియల్ నంబర్, బిల్లు మీద ఫోన్ నంబర్ మాత్రం వేలితో మూసి తీయండి. ఉంటానండీ.