అజెండా పంపేశాక ఇంకో పాయింట్ గుర్తొస్తే?

అజెండా గ్రూపులో పెట్టేశాక కొత్త విషయం వస్తే ఏం చెయ్యాలో ఈరోజు చూద్దాం. మా దేవరాపల్లి వైపు జరిగేలాంటిదే ఒక ఉదాహరణ అనుకుందాం.

రైవాడ కాలువ కింద రైతుల మీటింగ్, ఆదివారం సాయంత్రం 4 నుంచి 5 వరకు. గురువారమే అజెండా పంపారు. లెక్కలకి 10 నిమిషాలు, పూడిక తీతకి 25, విత్తనాలకి 20. మొత్తం 55. శుక్రవారం పొద్దున్న చూస్తే కాలువ గట్టు ఒకచోట కుంగింది. దీనికి కనీసం 15 నిమిషాలు కావాలి.

చాలామంది పాత మెసేజ్‌నే ఎడిట్ చేద్దామనుకుంటారు. వాట్సాప్‌లో 15 నిమిషాలు దాటాక ఎడిట్ కుదరదు. కుదిరినా దానికి నోటిఫికేషన్ వెళ్లదు, అంటే మారిందని ఎవరికీ తెలీదు. అందుకే పాత మెసేజ్‌కి రిప్లైగా కొత్తది పెట్టండి: "4వ అంశం చేర్చాం, గట్టు రిపేరు. ఖర్చు ఎవరు పెట్టాలో ఆ రోజే తేల్చాలి." ఊరికే చెప్పడానికా, నిర్ణయానికా అన్నది తప్పకుండా రాయాలి.

ఎందుకంటే పాత అజెండా చూసి "నాకు పనిలేదులే, రాను" అనుకున్న మావయ్య ఒకాయన ఉంటాడు. గట్టు కుంగింది ఆయన పొలం పక్కనే! ఆయన లేకుండా ఖర్చు పంచేస్తే సోమవారం గొడవే. ఆయనకి మెసేజ్ చాలదు, ఫోన్ చెయ్యాలి.

కంపెనీల బోర్డు మీటింగులకి కూడా ఇలాంటి రూలుంది. అజెండాలో లేని అంశం తీసుకోవాలంటే ఛైర్మన్ అనుమతి, హాజరైన డైరెక్టర్లలో మెజారిటీ సమ్మతి కావాలి. మన పేపర్లలో కౌన్సిల్ మీటింగ్ రోజు "టేబుల్ అజెండా" మీద రచ్చ అని వస్తుంటుంది కదా, అదీ ఇదే బాధ. చదువుకునే టైమే ఇవ్వలేదని.

ఇప్పుడు టైము. 55కి 15 కలిపితే 70 నిమిషాలు, అంటే 5:10. పదే కదా అనిపిస్తుంది. కానీ 5 అయ్యేసరికి పాలు పితికి కేంద్రానికి పోయాలి, సగం మంది లేచిపోతారు. చివర్లో పెట్టిన గట్టు విషయం ఖాళీ కుర్చీలకి చెప్పుకోవాల్సిందే. కాబట్టి దాన్ని మొదటికి తెచ్చి, 3:45కి మొదలెడితే 4:55కి అయిపోతుంది.

అయితే 3:45 అందరికీ కుదురుతుందా? "ఓకేనా?" అని అడిగితే నాలుగు బొటనవేళ్లు వస్తాయి, అవి దేనికో తెలీదు. పోల్ పెట్టండి: "3:45కి రాగలను", "4కే రాగలను". శనివారం సాయంత్రం 6 లోపు చెప్పమనండి. నీలం టిక్కు పడిందంటే చదివారనే, ఒప్పుకున్నారని కాదు. డబ్బు లెక్క చూసే బాబాయి, ఆ మావయ్య ఇద్దరూ 3:45కి రాలేమంటే టైము మార్చొద్దు. 4కే మొదలెట్టి, విత్తనాలు వచ్చే మీటింగ్‌కి వాయిదా వెయ్యండి. అప్పుడు 50 నిమిషాలే. గట్టు ఆగదు గానీ విత్తనాలు వారం ఆగుతాయి.

ఆదివారం పొద్దున్న ఫైనల్ టైము, అంశాల వరస ఇంకోసారి గ్రూపులో పెట్టి పిన్ చెయ్యండి. ఫోన్ చూడని పెద్దాళ్లకి మాత్రం మీరే ఇంటికెళ్లి చెప్పాలి, తప్పదు.