మాట చెప్పని నక్క: పిల్లల బొమ్మల పుస్తకంలో రెండు కథలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన భాషల్లో పిల్లల పుస్తకాలు తేవాలని సంఘం పూనుకుంది. కథలు పోగవుతున్నాయి. ఏ లిపిలో రాయాలి, ఏ ఊరి యాస తీసుకోవాలి అన్న చర్చ పొద్దున్నుంచీ నడిచింది. బొమ్మల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. నాకిచ్చిన సమయంలో దాని గురించే చెబుతాను.

బొమ్మ అంటే మాటకు తోడు అని మనం అనుకుంటాం. మాటల్లో కోడి ఉంటే కోడి బొమ్మ, చెట్టు ఉంటే చెట్టు బొమ్మ. పాఠ్యపుస్తకాలు మనకు అలాగే అలవాటు చేశాయి. కానీ పిల్లల బొమ్మల పుస్తకం అలా నడవదు. అందులో కథ చెప్పేవాళ్లు ఇద్దరు. మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకొకటి చెబుతుంది. ఆ రెంటినీ కలిపి మూడో కథ చేసుకునేది బిడ్డ.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ 'రోజీస్ వాక్'. ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ రాసి, బొమ్మలు కూడా తానే వేసిన పుస్తకం. 1968లో వచ్చింది. పుస్తకం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, ఇంగ్లీషులో 32 మాటలు. రోజీ అనే పెట్ట షికారుకు బయల్దేరింది, ఫలానా ఫలానా చోట్ల తిరిగింది, భోజనం వేళకు ఇల్లు చేరింది. మాటల ప్రకారం అంతే. ఏమీ జరగలేదు.

బొమ్మలు చూస్తే, మొదటి అడుగు నుంచే పెట్ట వెనక నక్క ఉంది. ఆ నక్క గురించి వాక్యంలో ఒక్క మాట కూడా లేదు.

ఒక పేజీలో పెట్ట వాకిలి దాటుతుంటుంది, నక్క దూకబోతుంటుంది. ఆ నక్క దిగబోయే చోట గడ్డి లాగే పళ్లకర్ర పడి ఉంటుంది. పేజీ తిప్పితే మాటలుండవు. పళ్లకర్ర లేచి నక్క ముఖాన కొట్టిన బొమ్మ మాత్రం ఉంటుంది. మళ్లీ మాటలున్న పేజీ: పెట్ట చెరువు చుట్టూ నడుస్తోంది. మళ్లీ మాటల్లేని పేజీ: నక్క నీళ్లలో పడింది. తర్వాత గడ్డివాములో కూరుకుపోయింది. పిండిమర దగ్గర పైన వేలాడే పిండి బస్తా తాడు పెట్ట కాలికి చుట్టుకుంది, బస్తా నక్క నెత్తిన కుమ్మరించింది. కంచె దగ్గర నక్క ఎగిరి బండిలో పడింది, బండి దొర్లి తేనెపెట్టెలను గుద్దింది, ఈగలు నక్కను తరుముకుపోయాయి. పెట్ట ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఇందులో మూడు పనులు జరుగుతున్నాయి. మొదటిది, రాబోయే ఆపద ముందు పేజీలోనే బొమ్మలో దాగి ఉంది. పళ్లకర్రను చూసిన బిడ్డ పేజీ తిప్పకముందే నవ్వుతాడు. రెండోది, మాటల్లేని పేజీలో ఏం జరిగిందో చెప్పే పని బిడ్డదే. చదవడం రాని బిడ్డ కూడా అక్కడ కథ చెప్పగలడు, ఏ భాషలోనైనా చెప్పగలడు. మూడోది, పెట్టకు నక్క సంగతి తెలుసా, తెలియదా అన్నది పుస్తకం తేల్చదు. తెలిసే తాపీగా నడిచిందని కొందరు పిల్లలు అంటారు, తెలియదు పాపం అని కొందరు అంటారు. రెండు పక్షాలూ సాక్ష్యం కోసం బొమ్మల్లోకే వెళ్లాలి.

మన పిల్లల విషయంలో రెండో సంగతి చాలా పెద్దది. ఇంట్లో కోయ, గోండి, కొలామి మాట్లాడే బిడ్డ ఒకటో తరగతిలో తెలుగు వాక్యం ముందు మూగబోతుంది. ఇలాంటి పుస్తకం ముందు పెడితే, వాక్యం చదివే పెద్దమనిషి కన్నా ఎక్కువ కథ ఆ బిడ్డకే తెలుస్తుంది. నక్క ఎక్కడుందో అయ్యవారికి చూపించాల్సింది ఆ బిడ్డే.

ఇప్పుడు ఇలాంటి పుస్తకాన్ని మన భాషలోకి తెస్తున్నామనుకోండి. బొమ్మలు అవే ఉంటాయి, మాటలే మారతాయి. చెడగొట్టడానికి ఒక్క చిన్న మాట చాలు. "పాపం రోజీకి తెలియదు, వెనకాలే నక్క వస్తోంది" అని అనువాదకుడు సాయపడ్డాడంటే పుస్తకం అయిపోయినట్టే. పిల్లలకు అర్థం కాదేమోనన్న భయంతో చేసే సాయం ఇది. బిడ్డ వేలుపెట్టి చూపించాల్సిన నక్కను మనమే చూపించేశాం. ఇక బిడ్డకు మిగిలింది వినడం.

అనువాదంలో మన భాషలకు ఒక సౌకర్యం కూడా ఉంది. ఇంగ్లీషు వాక్యంలో నడిచిన మాట ముందే వచ్చేస్తుంది, తర్వాత చోట్లు ఒక్కొక్కటీ తగులుకుంటూ పోతాయి. తెలుగులో అసలు క్రియ చివర వస్తుంది. దాటి, చుట్టి, ఎక్కి, దూరి అని ఒక్కో పేజీకి ఒక్కో అసమాపక క్రియ పెట్టుకుంటూ పోయి, ఆఖరి పేజీలో చేరుకుంది అని ముగించవచ్చు. 'దాటి' అనగానే చెవి ఇంకేదో రావాలని ఎదురుచూస్తుంది, చెయ్యి పేజీ తిప్పుతుంది. గోండి, కోయ కూడా ఇదే కుటుంబం భాషలు, వాటిలోనూ క్రియ చివరే వస్తుంది. కాబట్టి వాక్యాన్ని ముక్కలు చేసి పేజీకొక చుక్క పెట్టకండి.

చదివి వినిపించేవాళ్లకు కూడా ఒక మాట. మాటల్లేని పేజీ వచ్చినప్పుడు గబగబా తిప్పేస్తాం, చదవడానికి ఏమీ లేదు కదా అని. ఆగాల్సింది అక్కడే. పుస్తకం పిల్లల వైపు తిప్పి, నోరు మూసుకుని, పది లెక్కపెట్టండి. వాళ్లే మాట్లాడతారు.

ఇక మన ఇంటి ఉదాహరణ ఒకటి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లారు. అక్కడ రెండు నెలలున్నారు. ఆ ప్రయాణం మీద చెన్నైలోని తారా బుక్స్ 2004లో 'ద లండన్ జంగిల్ బుక్' తెచ్చింది. ఆయన నోటితో చెప్పిన సంగతులే అందులో మాటలయ్యాయి. మాటలు ఊరు విడిచి వెళ్లినవాడి ఆశ్చర్యం చెబుతాయి. విమానం ఎక్కాను, బస్సు ఎక్కాను, పెద్ద గడియారం చూశాను. బొమ్మల్లో విమానం రెక్కలున్న ఏనుగు. రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క. బిగ్ బెన్ గడియారం మన పొద్దు చెప్పే కోడిపుంజుతో కలిసిపోయింది, గడియారం ముఖమే పుంజు కన్ను. మాటల్లో గోండు లండన్ వెళ్లాడు. బొమ్మల్లో లండన్ గోండు అడవికి వచ్చింది. ఎవరు ఎవరిని చూస్తున్నారన్నది బొమ్మలో తిరగబడింది. ఈ పుస్తకంలో మాటలు బొమ్మలను కొంత వివరిస్తాయి, రోజీ పుస్తకంలా పూర్తిగా మౌనంగా ఉండవు. అయినా చూపు ఎవరిదో తేల్చింది బొమ్మే.

ఇంతవరకు చెప్పింది కావాలని పెట్టిన తేడా. తెలియక వచ్చే తేడా ఇంకొకటి ఉంది. మన పుస్తకాలకు ముప్పు దానితోనే.

ఇప్పపూలు ఏరే కథ అనుకోండి. మాటలు మన అమ్మమ్మలు చెప్పినవే, తప్పులేదు. బొమ్మ పట్నంలో ఉన్న ఆర్టిస్టు వేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ, గుబురుగా ఆకులున్న చెట్టు, కొమ్మ వంచి ఎర్రటి పూలు కోస్తున్న ఆడమనిషి. ఇప్పపువ్వు కోసేది కాదు, రాత్రి రాలితే తెల్లారగట్ల ఏరుకునేది. పూత వేళకు చెట్టు ఆకులు రాల్చి దాదాపు బోడిగా ఉంటుంది. పువ్వు లేత పసుపు రంగులో కండగా ఉంటుంది. మాట మనది, బొమ్మ చెప్పే కథ ఇప్పచెట్టు ఎరగనివాడిది. వాళ్లమ్మతో బుట్ట పట్టుకుని వెళ్లిన బిడ్డకు ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. పుస్తకంలో ఉన్నదే నిజమని బడి చెబుతుంది కాబట్టి, తాను చూసిందే తప్పేమోనని ఆ బిడ్డ అనుకుంటుంది.

ఇంకొకటి, పొలం దున్నుతున్న నాన్న నెత్తిన గుస్సాడీ నెమలి ఈకల టోపీ. అది దీపావళి రోజుల్లో దండారీకి, నియమంతో పెట్టుకునేది. మాటల్లో నాన్న రైతు. బొమ్మలో ఎప్పుడూ ఆడుతూ ఉండే మనిషి. మాటల్లో ఎంత గౌరవం రాసినా ఆ బొమ్మ దాన్ని చెరిపేస్తుంది.

కావాలని పెట్టిన తేడాను, పొరపాటును విడదీసేది ఎలా? పేజీ తిప్పి చూడండి. రోజీ పుస్తకంలో నక్క మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ దానికి ఏదో ఒకటి అవుతుంది, ఆఖరున దాని కథ కూడా ముగుస్తుంది. ఎర్రటి ఇప్పపూలకు తర్వాతి పేజీలో ఏమీ కాదు. కథకు అక్కరకు రాని తేడా అయితే అది తప్పే.

కాబట్టి సంఘం పుస్తకాలకు నేను కోరేది ఇది. రంగులు వేయకముందే 16 పేజీలు మడిచి, పెన్సిలు గీతలతో నమూనా పుస్తకం చేయండి. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ప్రతి పేజీకి ఎడమవైపు మాట ఏం చెబుతోంది, కుడివైపు బొమ్మ మాత్రమే చెప్పేది ఏమిటి అని రాయండి. కుడి వరస అంతా ఖాళీగా ఉంటే బొమ్మ ఊరికే నిలబడి ఉందన్నమాట. రెండు వైపులా ఒకటే ఉంటే మాటను కొట్టేయండి. తర్వాత మాటలు కప్పేసి పిల్లలకు చూపించండి. వాళ్లు చెప్పిన కథ రాసుకోండి. అదే నమూనా ఊళ్లో పెద్దవాళ్లకు చూపించి, తప్పేమిటని అడగండి. చెట్టు, పనిముట్టు, కట్టు, పండుగ ఈ నాలుగింటి దగ్గరే తప్పులు ఎక్కువగా బయటపడతాయి. ఆర్టిస్టుకు కథ మాత్రమే పంపకండి. వీలైతే ఆ కథ జరిగే నెలలో ఊరికి తీసుకురండి. ఇప్పపూల పుస్తకమైతే మార్చి నెలాఖరుకు, తెల్లవారుజామున, చెట్టు కిందికి.