ఇంటిపనికి మనిషిని కుదర్చడం: వాకబు చేయవలసిన తీరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పనిమనుషులను, వంటమనుషులను, మంచాన ఉన్నవారిని చూసుకునే ఆయాలను కుదిర్చే పని మన సంఘం చేపట్టినప్పుడు నేను చేసిందల్లా ఒక రిజిస్టరు రాయడం. మేస్టరుకి అప్పజెప్పే పని అదేగదా! రాస్తూ రాస్తూ గ్రహించింది ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

వచ్చిన మనిషి ఆధార్ కార్డు చూపిస్తుంది. అది ఆమె పేరు, ఊరు చెబుతుంది గాని, ఆమె చేతికి ఇంటి తాళంచెవి ఇవ్వవచ్చునో లేదో చెప్పదు. అది చెప్పగలిగింది ఆమె ఇదివరకు పనిచేసిన ఇల్లు ఒక్కటే. అందుచేత మేము పాత ఇంటివారిని అడుగుతాము. "మనిషి మంచిదేనా?" అని అడిగితే ఎవరైనా "మంచిదేనండీ" అంటారు, ఒకరి పొట్ట ఎందుకు కొట్టాలని. దానివల్ల ఏమీ తెలియదు. "ఎన్ని నెలలు చేసింది? ఆఖరున జీతమెంత? ఎందుకు మానేసింది? మళ్ళీ వస్తే పెట్టుకుంటారా?" అని అడగాలి. ఇవే ప్రశ్నలు ఆమెను విడిగా అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే అక్కడ ఆగి చూడాలి.

ఒక సంగతి చెబుతాను. సత్తెనపల్లి వైపు పల్లెనుంచి నలభై దాటిన ఒకామె వచ్చింది. విజయవాడలో ఒక ముసలమ్మను రెండేళ్ళు చూసుకున్నానంది, ఫోను నంబరు కూడా ఇచ్చింది. చేస్తే, ఎత్తినామె తెగ పొగిడింది. జీతమెంత ఇచ్చేవారమ్మా అంటే మాత్రం నీళ్ళు నమిలింది. నాకు అనుమానం వచ్చి, విజయవాడలో ఉన్న మన సభ్యుడొకరిని ఆ ఇంటికే పంపాను. ఇల్లు నిజమే, ముసలమ్మ నిజమే. కాని చేసింది ఎనిమిది నెలలే. ఫోనులో మాట్లాడింది ఆమె చెల్లెలు! రెండు నెలల జీతం ఆపితే మానేసిందట. ఆ సంగతి ఇంటి కోడలే ఒప్పుకుంది. "రెండు గంటలకోసారి మా అత్తగారిని పక్కకు తిప్పేది, వీపున ఒక్క పుండు పడనివ్వలేదు. వస్తే ఇవాళే పెట్టుకుంటాము" అని కూడా అంది.

మధ్యలో మానేశానంటే ఎవరూ పని ఇవ్వరని ఆమె భయపడింది. ఆ అబద్ధానికి కొట్టివేద్దామని మాలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. జరిగిందంతా గుంటూరులో ఆయా కావలసిన ఇంటివారికి ఉన్నదున్నట్టు చెప్పాము.

అయితే ఆ ఇంటిని కూడా చూడాలిగదా. "పని తేలికే" అని వారు రాయించారు. వెళ్ళి చూస్తే పెద్దావిడ రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది, ఆయా పడుకోవడానికి వంటింటి వసారా చూపించారు. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు మందు తప్పు వేస్తుంది. మధ్యాహ్నం మూడు గంటల నిద్ర, పెద్దావిడ గదిలోనే మంచం, ఈ రెండూ ఒప్పుకున్నాకే పంపాము. మొదటి మూడు రోజులు జీతమిచ్చి పరీక్షగా చూడమన్నాము. ఆమెకు చదువు రాదు గనుక, పూటపూటకూ మందులు వేరువేరు రంగు డబ్బాల్లో కోడలు సర్దిపెట్టేది.

ఇక రుసుము. పనికి వచ్చేవారి దగ్గర పైసా తీసుకోము. ఇంటివారి దగ్గర సగం చేరిన రోజున, మిగతా సగం మూడు నెలలు నిలిచాక తీసుకుంటాము. కుదిర్చిన రోజునే కమీషనంతా చేతిలో పడితే, మనిషి త్వరగా మానేస్తే మధ్యవర్తికి మళ్ళీ కమీషను! ఇక వాకబు ఎవడు చేస్తాడు?

మేమూ తప్పు చేశాము. ఒక పెద్దమనిషి "నాదీ పూచీ" అన్నాడని ఒక పిల్లను ఏమీ అడగకుండా వంటసాయానికి పంపబోయాము. పద్దెనిమిది అన్నారు. చదివిన బడికి వెళ్ళి అడ్మిషన్ రిజిస్టరు చూస్తే పదిహేను కూడా నిండలేదు. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నిషేధం. పద్దెనిమిది నిండనివారిని మేము అసలే పంపము. అప్పటినుంచి పెద్దల మాటకు దండం పెట్టి, కాగితం కూడా అడుగుతున్నాము.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. పత్తితీతలు, ఆ వెనకే మిరప కోతలు, తొడిమలు తీయడం మొదలైతే ఆడవాళ్ళు చేలకూ కల్లాలకూ పోతారు. ఇంటివారు "చెప్పకుండా ఎగ్గొట్టింది" అంటారు. నిజానికి చెప్పవలసింది మేము. అందుకే "పోయిన మిరప కోతలప్పుడు ఎక్కడున్నావమ్మా?" అని ముందే అడిగి, వెళ్ళే రోజులు ఒప్పంద కాగితంలో రాస్తాము. సత్తెనపల్లి వైపు ఆమె కూడా ఇరవై రోజులు రాయించుకుంది. కోతలు రాగానే వెళ్ళింది. వెళ్ళేముందు రెండు రోజులు బదులు మనిషిని పక్కన పెట్టుకుని, పెద్దావిడను ఎలా తిప్పాలో చేతులతో చేసి చూపించింది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే సంచీతో తిరిగి వచ్చింది. ఆ సంచీలో ఆ ఇంటికని తెచ్చిన మిరపకాయలున్నాయట.