సెప్టెంబర్ 30 రాత్రి కొట్టిన బిల్లు సేల్ అవుతుందా?

సేల్స్ టీమ్‌లో అప్రైజల్ అనగానే గొడవలు. మేనేజర్ పక్షపాతం చూపించాడంటారు. కానీ చాలాసార్లు అసలు తప్పు మూడు నెలల ముందే జరిగిపోయి ఉంటుంది. "33 లక్షలు చెయ్యి" అన్నారు. ఆ 33 లక్షలు ఎక్కడ లెక్కపెడతారో చెప్పలేదు.

ఒక కూల్‌డ్రింక్స్ కంపెనీ అనుకుందాం. జూలై నుంచి సెప్టెంబర్ క్వార్టర్. టౌన్ చూసే అబ్బాయి ఒకడు, పల్లెల రూట్ చూసే అమ్మాయి ఒకరు. మనవాళ్లు ఏం చేస్తారంటే ఏప్రిల్-జూన్ నంబర్ తీసుకుని, దాని మీద పది శాతం వేసేస్తారు. అది ఎండాకాలం అండీ! పోల్చాల్సింది నిరుడు ఇదే జూలై-సెప్టెంబర్‌తో. అప్పుడు టౌన్‌లో 30 లక్షలు, పల్లెల్లో 12 లక్షలు అయితే, ఇప్పుడు టార్గెట్లు 33, 13.2.

ఇక అసలు విషయం. ఈ లైన్‌లో సేల్ అంటే రెండు. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మేది ప్రైమరీ. డిస్ట్రిబ్యూటర్ షాపులకి అమ్మేది సెకండరీ. మన అబ్బాయి చివరి మూడు రోజుల్లో డిస్ట్రిబ్యూటర్‌ని బతిమాలి 5 లక్షల సరుకు దింపాడు. ప్రైమరీ 34 అయింది, టార్గెట్ దాటేశాడు. కానీ షాపులకి వెళ్లింది 29 లక్షలే. మిగతా 5 లక్షలు గోడౌన్‌లోనే ఉన్నాయి, అంటే దాదాపు పదిహేను రోజుల సరుకు. అక్టోబర్ మొదట్లో ఆర్డర్ రాకపోతే అప్పుడు బయటపడుతుంది. అమ్మాయి సెకండరీ మాత్రం 13.5. సెకండరీలో చూస్తే అబ్బాయి 88 శాతం, అమ్మాయి 102 శాతం.

అలాగని అక్టోబర్‌లో కూర్చుని "మేం సెకండరీయే చూస్తాం" అంటే అది కూడా అన్యాయమే. అతనికి ముందు ఎవరు చెప్పారు? సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్ రాయకుండా టెస్టింగ్‌లో ఫెయిల్ చేసినట్టుంటుంది, ఆ బాధ నాకు తెలుసు.

అందుకే జూలై 1 కన్నా ముందే గోల్ షీట్‌లో ఇలా రాసుకోండి: "జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు షాపులకి వెళ్లిన సేల్, రిటర్న్స్ తీసేసి, జీఎస్టీ లేకుండా, అక్టోబర్ 7న డిస్ట్రిబ్యూటర్ రిపోర్ట్‌లో కనిపించే నంబర్." ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఇంకో లైన్ కూడా ఉండాలి. కంపెనీయే పది రోజులు సరుకు పంపకపోతే? ఆ క్వార్టర్‌లో 92 రోజులు. అందులో 82 రోజులకే టార్గెట్ లెక్కేస్తే అమ్మాయికి 13.2 బదులు సుమారు 11.8 అవుతుంది. సరుకు లేదని ఆ రోజే మెయిల్ పెట్టి ఉంటేనే ఇది వర్తిస్తుంది, తర్వాత గుర్తొచ్చిన కారణాలకి కాదు.

సెకండరీలోనూ మాయ చేయొచ్చు సుమా, షాపు పేరు మీద ఉత్తుత్తి బిల్లు కొట్టేసి. అందుకని మేనేజర్ నెలకోసారి ఓ పది బిల్లులు పట్టుకుని ఆ షాపులకి వెళ్లి "ఈ సరుకు దిగిందా అన్నా?" అని అడగాలి. ఏ పది బిల్లులో ముందుగా టీమ్‌కి చెప్పకూడదు.