బంగారం బిల్లు - నాలుగు గడులు



కేసముద్రం మార్కెట్ యార్డు మనందరికీ తెలిసిందే. మిర్చి, పసుపు, పత్తి, మక్కలు అక్కడికి వస్తాయి. కాంటా అయినాక తక్‌పట్టీ చేతికిస్తారు. దాంట్లో బస్తాల తూకం ఎంత, రేటు ఎంత, హమాలీ ఎంత అని మనం విడివిడిగా చూస్తాం. ఒక్క కిలో తేడా వచ్చినా ఊరుకోం.

మరి అదే మిర్చి పైసలతో బంగారం కొన్నప్పుడు ఏం చేస్తున్నాం? బిల్లు కింద ఉన్న మొత్తం ఒక్కటే చూస్తున్నాం. ఇంటికొచ్చి బిల్లును మడిచి పెట్టెలో పెడుతున్నాం.

ఒక తల్లి సంగతి చెప్పుకుందాం. ఆమె బిడ్డ పెళ్లికి రాళ్ల లాకెట్ ఉన్న గొలుసు కొన్నది. బిల్లు నున్నటి కాగితం మీద అచ్చయింది. అట్లాంటి కాగితం మీద అక్షరాలు వేడికి, వెలుతురుకు కొన్నాళ్లకు మాసిపోతాయి. అందుకే ఆమె బిడ్డ అదే రోజు ఫోన్‌తో ఫోటో తీసింది. లెక్కల పుస్తకంలో మాత్రం ఒకే ముక్క రాసింది: "గొలుసు - 1,16,390 రూపాయలు."

తల్లి అడిగింది: "బిడ్డా, ఇండ్ల బంగారం ఎంత? మజూరీ ఎంత?"

"అదంతా ఫోటోల ఉన్నది కదమ్మా!"

"ఫోటోల ఉంటే నాకేం తెలుస్తది? విడిగా రాయి."

ఆ తల్లి అడిగింది సరైన మాట. రేపు అవసరం పడి ఆ గొలుసు అమ్మితే, దుకాణంవాళ్లు ధర కట్టేది అందులోని బంగారానికే. తరుగు, మజూరీ, పన్ను కింద కట్టిన పైసలు తిరిగి రావు. మొత్తం ఒక్కటే రాసుకుంటే ఏది మిగిలేదో, ఏది పోయేదో తెలియదు.

నాలుగు గడులు

తల్లీబిడ్డలు పుస్తకంలో నాలుగు గడులు గీశారు. పైన కొన్న తేదీ, ఆ రోజు గ్రాము రేటు, 916 అనే గుర్తు రాశారు. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారం. దాన్నే 22 క్యారెట్లు అంటారు.

మొదటి గడి తూకం. బిల్లు మీద రెండు తూకాలుంటాయి. Gr Wt అంటే రాళ్లతో కలిపి నగ మొత్తం తూకం. Net Wt అంటే రాళ్లు తీసేసిన బంగారం తూకం. మన గడిలో రాయవలసింది Net Wt.

రెండో గడి తరుగు. నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరున వేసే లెక్క ఇది. కొన్ని బిల్లుల్లో గ్రాముల్లో ఉంటుంది, కొన్నింట్లో నూటికి ఇంత అని ఉంటుంది. అంకె పక్కన "గ్రాములు" అనో "నూటికి" అనో తప్పక రాయాలి. నూటికి 8 అన్నదాన్ని 8 గ్రాములు అని రాస్తే లెక్కంతా తలకిందులవుతుంది.

మూడో గడి మజూరీ. బిల్లు మీద MC అని ఉంటుంది. కొందరు తరుగు, మజూరీ రెండూ కలిపి VA అని ఒకే అంకె వేస్తారు. అప్పుడు మనం దాన్ని ఊహించి రెండుగా పంచవద్దు. రెండు గడులూ కలిపి "VA" అని రాసి ఆ అంకె వేయాలి. మజూరీ గడిలో సున్నా పెట్టవద్దు. సున్నా అంటే మజూరీ తీసుకోలేదని అర్థం. విడిగా చూపకపోవడం వేరు, తీసుకోకపోవడం వేరు.

నాలుగో గడి పన్ను. 2017 జూలై 1 నుంచి నగల మీద జీఎస్‌టీ నూటికి 3 రూపాయలు. బిల్లు మీద ఇది CGST ఒకటిన్నర, SGST ఒకటిన్నర అని రెండు వరుసల్లో ఉంటుంది. రెండూ కలిపి రాయాలి. ఒక్కటే రాస్తే సగం పన్ను పోతుంది.

ఫోన్ చదివితే

ఫోటోలోని అక్షరాలను చదివి చూపే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. బిడ్డ దాన్ని వాడింది. కానీ ఫోన్‌కు గడుల సంగతి ఒక్కోసారి తెలియదు. పేర్లన్నీ ఒక వరుసలో, అంకెలన్నీ ఇంకో వరుసలో చదువుతుంది. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంటే తర్వాతి అంకె జరిగి ముందు గడిలో పడుతుంది. ఒక్కోసారి చుక్క ఎగిరిపోయి 10.000 గ్రాములు 10000 అవుతుంది.

అందుకే ఫోటో తీసేటప్పుడు బిల్లును బల్ల మీద చాపి, పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనబడేటట్టు నిలువుగా తీయాలి. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మెరిసి అంకెలు కనబడవు.

లెక్క సరిపోయిందా?

సరిగ్గా రాశామా లేదా అని తెలుసుకునే దారి బిల్లులోనే ఉంది. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము రేటు 10,000 రూపాయలు అనుకుందాం. ఆ గొలుసు లెక్క ఇట్లా ఉంది:

నగ మొత్తం తూకం 10.500 గ్రాములు. రాళ్లు 0.500 గ్రాములు. బంగారం 10.000 గ్రాములు. దాని ధర 1,00,000.
తరుగు 0.800 గ్రాములు. దాని ధర 8,000.
మజూరీ 4,000.
రాళ్ల ధర 1,000.
ఇవన్నీ కలిపితే 1,13,000.
నూటికి 3 చొప్పున పన్ను 3,390.
మొత్తం 1,16,390.

ఫోన్ మాత్రం తరుగును 0.300 అని చదివింది. 8 అంకె 3 లాగా కనబడింది. బిడ్డ అట్లాగే రాసింది. తల్లి కూడి చూసింది. తరుగు ధర 3,000 అయింది. అన్నీ కలిపితే 1,08,000, పన్ను 3,240 వచ్చింది. బిల్లులో పన్ను 3,390 ఉంది.

"బిడ్డా, కలుస్తలేదు. మళ్ల చూడు."

ఫోటోను పెద్దది చేసి చూశారు. అది 8. గడిలో దిద్దారు. లెక్క కలిసింది. ఒకటి రెండు రూపాయల తేడా ఉంటే భయం లేదు, చిల్లర సరిచేసి ఉంటారు. వందల్లో తేడా ఉంటే ఏదో గడి తప్పింది.

ఒక్క సంగతి మరవవద్దు. మనం బిల్లును సరిగ్గా ఎక్కించామా అన్నదే ఈ కూడిక చెబుతుంది. బిల్లే తప్పుగా రాస్తే చెప్పదు. రాళ్ల తూకానికి కూడా బంగారం రేటు కట్టి ఉంటే కూడిక చక్కగా కలుస్తుంది, మన పైసలు మాత్రం పోతాయి. ఈ గొలుసులో రాళ్లు అర గ్రాము. దానికి బంగారం రేటు కడితే 5,000 రూపాయలు. రాళ్ల నగకు ఒకే తూకం రాసి ఉంటే అక్కడే అడగాలి: "బంగారం తూకం ఏది?" హాల్‌మార్క్ నగ బిల్లులో బంగారం నికర తూకం, క్యారెట్లు, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాయాలని భారత ప్రమాణాల సంస్థ నియమం. అడగడం మన హక్కు.

ఇప్పుడు ఆ తల్లి పుస్తకం చూస్తే తెలుస్తుంది. కట్టింది 1,16,390. అందులో బంగారం లక్ష. తరుగు, మజూరీ, పన్ను కలిపి 15,390. రాళ్లు వెయ్యి.

మీరు చేసి చూడండి

ఒక ఉంగరం. రాళ్లు లేవు. బంగారం 5 గ్రాములు, రేటు 10,000. తరుగు అర గ్రాము. మజూరీ 2,000. ఫోన్ పన్నును 1,110 అని చదివింది. సరైనదేనా?

జవాబు: కాదు. 50,000, 5,000, 2,000 కలిపితే 57,000. దాని మీద పన్ను 1,710. ఫోన్ 7ను 1 అని చదివింది.